బిల్లు ఆలస్యంగా అందితే ఆలస్యపు వడ్డీ కట్టాలా?

సరఫరాదారు నుంచి ఒక డెబిట్ నోటు వస్తుంది. ఫలానా బిల్లు గడువులోగా చెల్లించలేదు కాబట్టి ఇన్ని రోజులకు ఇంత వడ్డీ, దానిపై జీఎస్టీ అని అందులో ఉంటుంది. అకౌంట్స్ విభాగం ఫైలు తీసి చూస్తే బిల్లు మీద ఉన్న తేదీకీ అది చేతికొచ్చిన తేదీకీ మధ్య నెల రోజుల ఎడం కనిపిస్తుంది. వెంటనే వెళ్లే జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే: ‘మీ బిల్లే ఆలస్యంగా వచ్చింది, వడ్డీ కట్టం.’

ఈ జవాబు కొన్ని సందర్భాల్లో పూర్తిగా నిలుస్తుంది, కొన్నిటిలో సగం నిలుస్తుంది, మరికొన్నిటిలో అసలు నిలవదు. బిల్లు ఎంత ఆలస్యమైందన్న దానికంటే, చెల్లింపు గడువును ఏ సంఘటన నుంచి లెక్కపెట్టాలన్నదే దీన్ని తేల్చుతుంది. బిల్లు తేదీ నుంచా, బిల్లు అందిన రోజు నుంచా, సరుకో పనో స్వీకరించిన రోజు నుంచా? మూడింటికీ మూడు వేర్వేరు మొత్తాలు వస్తాయి. ఒక ఉదాహరణ తీసుకుని ఈ లెక్కలు వేసి చూద్దాం.

విశాఖ ఆటోనగర్‌లో మోటార్లు రీవైండింగ్ చేసే సంస్థ ఒకటి, భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఒకటి ఉన్నాయనుకుందాం. ప్లాంటు మోటార్లు బాగుచేసి 2025 జూలై 4న అప్పగించారు. బిల్లు తేదీ కూడా అదే. పని విలువ 4,00,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 4,72,000. పర్చేజ్ ఆర్డరులో మూడు మాటలున్నాయి. బిల్లులు ఫలానా ఈమెయిల్ చిరునామాకు పంపాలి. బిల్లు అందిన తేదీ నుంచి 30 రోజుల్లో చెల్లింపు. గడువు దాటితే ఏడాదికి 18 శాతం వడ్డీ.

సరఫరాదారు బిల్లును ఆర్డరులో చెప్పిన చిరునామాకు పంపలేదు. జూలై 4నే ప్లాంటులోని మెయింటెనెన్స్ ఇంజనీరు కంపెనీ ఈమెయిల్‌కు పంపాడు. ఆ ఇంజనీరు జూలై 21న మెయిల్ తెరిచి, ‘బిల్లు చూశాను, అకౌంట్స్‌కు పంపిస్తాను’ అని బదులిచ్చాడు. అకౌంట్స్‌కు అది చేరింది మాత్రం ఆగస్టు 8న. చెల్లింపు సెప్టెంబరు 5న జరిగింది. సరఫరాదారు బిల్లు తేదీ నుంచి 30 రోజులు లెక్కవేసి గడువు ఆగస్టు 3న ముగిసిందని తేల్చాడు. 33 రోజుల ఆలస్యానికి 7,681 రూపాయల వడ్డీ, దానిపై జీఎస్టీ కలిపి 9,064 రూపాయలకు డెబిట్ నోటు పంపాడు.

ఒప్పందంలో ఏముంది

ముందుగా తెరవాల్సిన కాగితం పర్చేజ్ ఆర్డరే. బిల్లు అడుగున ముద్రించిన షరతులు ఆ తర్వాత. ఉదాహరణలో గడువు ‘బిల్లు అందిన తేదీ నుంచి’ అని స్పష్టంగా ఉంది కాబట్టి సరఫరాదారు వేసిన లెక్క మొదటి అడుగులోనే తప్పు. ఆర్డరులో ‘బిల్లు తేదీ నుంచి’ అని ఉండి ఉంటే పరిస్థితి తిరగబడేది. అప్పుడు బిల్లు ఎప్పుడు అందిందన్నది ఒప్పందంలో లేని విషయమైపోతుంది. బిల్లు పంపకుండా అట్టిపెట్టి గడువు కరిగిపోనిచ్చాడన్న న్యాయమైన వాదన మాత్రమే మిగులుతుంది. అది బేరానికి పనికొచ్చినంతగా లెక్క తేల్చడానికి పనికిరాదు.

ఆర్డరులో వడ్డీ మాటే లేకుండా, బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ‘గడువు దాటితే 24 శాతం’ అని ఉండటం మన వ్యాపారాల్లో సర్వసాధారణం. పని పూర్తయ్యాక ఒక పక్షం తనంతట తాను వేసిన షరతు ఒప్పందంలో భాగం కాదని అభ్యంతరం చెప్పవచ్చు. ఏళ్ల తరబడి అవే బిల్లులు మాట్లాడకుండా తీసుకుని, ఒకటి రెండుసార్లు ఆ వడ్డీ కట్టిన చరిత్ర ఉంటే ఆ అభ్యంతరం పలచబడుతుంది. ఒప్పందంలో వడ్డీ లేనప్పుడు 1978 నాటి వడ్డీ చట్టం వర్తిస్తుంది. రాతపూర్వక పత్రం ప్రకారం ఒక నిర్దిష్ట తేదీకి చెల్లించాల్సిన బాకీ అయితే కోర్టు ఆ తేదీ నుంచి వడ్డీ ఇవ్వవచ్చు. అలా కాకపోతే, వడ్డీ కోరుతూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన తేదీ నుంచే. బిల్లు అసలు మొత్తం కట్టేసిన తర్వాత మొదటిసారి వడ్డీ మాట ఎత్తితే, వెనక్కి లెక్కించడానికి ఆ సరఫరాదారుకు పెద్దగా ఆధారం ఉండదు.

‘అందింది’ అంటే ఎప్పుడు

గడువు బిల్లు అందిన రోజు నుంచే అని తేలినా వివాదం సగమే తీరుతుంది. అందడం అంటే ఏమిటన్నది మిగిలే ఉంటుంది. కొనుగోలుదార్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘అకౌంట్స్‌కు ఎప్పుడు చేరింది’ అన్నదాన్ని వాళ్లు అందిన తేదీగా చూపిస్తారు. గేటు దగ్గర లారీతో వచ్చిన బిల్లుపై సెక్యూరిటీ వేసిన ఇన్‌వార్డు స్టాంపు ఉంటే సంస్థకు అందింది ఆ రోజే. స్టోర్స్ నుంచి అకౌంట్స్‌కు వెళ్లడానికి పట్టిన మూడు వారాలు సొంత ఇంటి ఆలస్యం. దాన్ని సరఫరాదారు ఖాతాలో వేయలేం.

ఈమెయిల్ బిల్లుల విషయంలో చట్టమే ఒక నియమం పెట్టింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ ప్రకారం, పక్షాలు వేరేగా ఒప్పుకోకపోతే, గ్రహీత ఒక చిరునామాను ప్రత్యేకంగా సూచించి ఉంటే సందేశం ఆ చిరునామాకు చేరిన క్షణమే అందినట్టు. ఎవరైనా తెరిచారా లేదా అన్నదానితో పని లేదు. స్పామ్ ఫోల్డరులో పడినా అది ఆ మెయిల్‌బాక్సులోకి వచ్చినట్టే కాబట్టి ‘మేం చూడలేదు’ అనే మాట బలహీనమైనది. సూచించిన చిరునామాకు కాకుండా గ్రహీతకు చెందిన మరో చిరునామాకు పంపితే, గ్రహీత దాన్ని తెరిచి తీసుకున్నప్పుడే అందినట్టు. ఏ చిరునామానూ సూచించకపోతే గ్రహీత వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణమే లెక్క.

భీమవరం ప్లాంటుకు ఈ నియమం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. బిల్లు తప్పు చిరునామాకు వెళ్లింది కాబట్టి జూలై 4న అందినట్టు కాదు. కానీ అది కంపెనీ మెయిలే, ఇంజనీరు కంపెనీ ఉద్యోగే. జూలై 21న అతను తెరిచి బదులిచ్చాడు కూడా. ఆ రోజు అందిందని సరఫరాదారు వాదిస్తే కొట్టిపారేయడం కష్టం. జూలై 21 నుంచి 30 రోజులంటే ఆగస్టు 20. చెల్లించింది సెప్టెంబరు 5న కాబట్టి ఆలస్యం 16 రోజులు, వడ్డీ 3,724 రూపాయలు. డెబిట్ నోటులో అడిగినదానిలో ఇది సగం కంటే కొంచెం తక్కువ.

ఆగస్టు 8నే అందిందని నిలబెట్టగలిగితే గడువు సెప్టెంబరు 7 దాకా వెళ్తుంది, వడ్డీ సున్నా. అందుకు ఆర్డరులో ఇంకొక్క వాక్యం ఉండాల్సింది: సూచించిన చిరునామాకు కాక మరోచోటికి పంపిన బిల్లు అందినట్టుగా లెక్కించబడదు అని. 13వ సెక్షన్ పక్షాల మధ్య వేరే ఒప్పందానికి చోటిస్తుంది కాబట్టి ఆ వాక్యం చెల్లుతుంది. అది లేకుండా సున్నా కోసం పట్టుబట్టడం కంటే 16 రోజుల లెక్కను తానే వేసి చూపించిన కొనుగోలుదారు మాటకు విలువ ఎక్కువ.

రుజువుల దగ్గర ఒక చిక్కు ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ఎలక్ట్రానిక్ బిల్లుకు వచ్చే ఐఆర్‌ఎన్ నంబరు ఆ బిల్లు ఎప్పుడు తయారైందో చెబుతుంది, ఎప్పుడు అందిందో చెప్పదు. కొనుగోలుదారుకు దక్కే క్రెడిట్లను జీఎస్టీ పోర్టల్ నెలనెలా చూపించే జీఎస్టీఆర్-2బి పట్టికలో కనపడటం కూడా బిల్లు ఇచ్చినట్టు కాదు. పైగా జూలై నెల 2బి ఆగస్టు 14న తయారవుతుంది. అయితే సీజీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలంటే బిల్లు చేతిలో ఉండాలి. ఒక నెల రిటర్నులో ఆ బిల్లుపై క్రెడిట్ తీసుకుని, ఆ రిటర్ను వేసిన తర్వాతి తేదీకి గానీ బిల్లు అందలేదని వడ్డీ వివాదంలో రాస్తే, కొనుగోలుదారు ఒక కాగితంతో మరో కాగితాన్ని తానే ఖండించుకున్నట్టు. అభ్యంతర లేఖ రాసేముందు ఆ బిల్లు క్రెడిట్ ఏ నెలలో తీసుకున్నారో చూసుకోవడం అందుకే అవసరం.

సరఫరాదారు ఉద్యమ్‌లో ఉంటే

ఇంతవరకూ చేసిన లెక్క అంతా సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న సంస్థ కానప్పుడు. అతని లెటర్‌హెడ్ మీద అలాంటి సంస్థల ప్రభుత్వ నమోదైన ఉద్యమ్ నంబరు ఉంటే ఆట నియమాలే మారతాయి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలో గడువు లెక్కకు బిల్లుతో సంబంధమే లేదు. సరుకు అప్పగించిన రోజు లేదా సేవ పూర్తిచేసిన రోజే స్వీకరణ దినం. దాని గురించి కొనుగోలుదారు 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరం తొలగిన రోజు స్వీకరణ దినమవుతుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే స్వీకరణ నుంచి 15 రోజుల్లో కట్టాలి. ఒప్పందం ఉంటే అందులోని తేదీకి, కానీ ఎట్టి పరిస్థితుల్లోనూ స్వీకరణ నుంచి 45 రోజులు దాటకూడదు.

కాబట్టి ‘బిల్లు అందిన 30 రోజులకు’ అనే ఒప్పందం ఉన్నా, ఈ చట్టం కింద దానికి 45 రోజుల పైకప్పు ఉంది. భీమవరం ఉదాహరణలో స్వీకరణ జూలై 4 కాబట్టి ఆ పైకప్పు ఆగస్టు 18న పడుతుంది. బిల్లు ఆగస్టు 8న అందిందని నూటికి నూరుపాళ్లు రుజువు చేసినా 18 రోజుల ఆలస్యం మిగులుతుంది. వడ్డీ రేటు ఒప్పందంలోని 18 శాతం కాదు, రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2025 జూన్ 6 నుంచి ఆ ఏడాది డిసెంబరు తొలివారం దాకా బ్యాంక్ రేటు 5.75 శాతం. మూడు రెట్లంటే 17.25. 18 రోజులకు 4,015 రూపాయలు. నెల దాటలేదు కాబట్టి ఇక్కడ చక్రవడ్డీ ప్రభావం లేదు.

రాతపూర్వక ఒప్పందమే లేకుండా ఫోను మీద పని చెప్పి చేయించుకున్నారనుకుంటే వడ్డీ జూలై 20 నుంచే మొదలవుతుంది. అప్పుడది 10,700 రూపాయలు దాటుతుంది. అంటే సరఫరాదారు తన డెబిట్ నోటులో వేసినదానికన్నా ఎక్కువ. ఉద్యమ్ ఉన్న సరఫరాదారుతో ‘బిల్లు ఆలస్యం’ అని గట్టిగా వాదించి, అతన్ని చట్టం పుస్తకం తెరిచేలా చేయడం వల్ల కొనుగోలుదారుకు నష్టమే జరగవచ్చు. అభ్యంతరం చెప్పే ముందు రెండు లెక్కలూ వేసుకోవాలి. తక్కువ మొత్తం అడిగినవాడికి ఎక్కువ రావాల్సి ఉందని గుర్తు చేయకూడదు.

ఈ చట్టం కింద కూడా బిల్లు ఆలస్యం పూర్తిగా పనికిరాని విషయం కాదు. అప్పగింతలో భాగంగా ఇవ్వాల్సిన పత్రాలు (టెస్ట్ సర్టిఫికెట్టు, బిల్లు వంటివి) ఏవని ఆర్డరులో రాసి ఉండి, అవి రాలేదని కొనుగోలుదారు 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పి ఉంటే, స్వీకరణ దినం అవి అందిన రోజుకు జరుగుతుందని వాదించవచ్చు. ఆ అభ్యంతరం అప్పుడే రాసి ఉండాలి. రెండు నెలల తర్వాత డెబిట్ నోటు చూసి రాసిన ఉత్తరం ఆ 15 రోజుల లోపలి అభ్యంతరం కాలేదు. భీమవరం ప్లాంటు జూలై 19 లోపు ‘బిల్లు ఇంకా రాలేదు’ అని ఒక చిన్న మెయిల్ పెట్టి ఉంటే, ఇవాళ చేతిలో కనీసం ఒక వాదన ఉండేది.

ఉద్యమ్ నంబరు కనిపించగానే చట్టం వర్తిస్తుందని కూడా అనుకోకూడదు. ఆలస్యపు చెల్లింపుల రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే. మధ్యతరహా సంస్థలు ఇందులోకి రావు. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థ అంటే యంత్రాలపై పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు మించనిది. కొని అమ్మే వ్యాపారులను 2021 జూలై 2న ఉద్యమ్‌లోకి తెచ్చినా, ఆ ప్రయోజనాన్ని కేంద్రం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేసింది. హార్డ్‌వేర్ టోకు దుకాణం ఉద్యమ్ సర్టిఫికెట్టు చూపి మూడు రెట్ల వడ్డీ అడిగితే ఈ అభ్యంతరం బలమైనదే. సర్టిఫికెట్టులో ‘ట్రేడింగ్’ అని ఉందా, తయారీయా, సేవలా అన్నది చూస్తే తెలిసిపోతుంది. నమోదు తేదీ కూడా చూడాలి. పని అయిపోయిన తర్వాత నమోదై పాత లావాదేవీకి రక్షణ కోరడం కుదరదని సుప్రీంకోర్టు 2021, 2022 తీర్పుల్లో చెప్పింది. 2025 జనవరిలో మరో ధర్మాసనం ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది కాబట్టి దీన్ని ఏకైక ఆధారంగా పెట్టుకోవడం క్షేమం కాదు.

సరఫరాదారు ఈ చట్టం కింద బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తే విచారణ అతని రాష్ట్రంలోనే. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా తేడా లేదు. కౌన్సిల్ ఇచ్చిన అవార్డును కోర్టులో సవాలు చేయాలంటే అందులోని మొత్తంలో 75 శాతం ముందే డిపాజిట్ చేయాలి. పైగా ఈ చట్టం కింద కట్టిన వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోనివ్వరు. నాలుగు వేల రూపాయల కోసం ఆ దాకా వెళ్లే కొనుగోలుదారు ఉంటాడని అనుకోలేం.

లేఖలో ఏం రాయాలి

అభ్యంతర లేఖలో కోపానికి చోటు లేదు, తేదీలకు ఉంది. పని స్వీకరించిన తేదీ, ఆర్డరులోని గడువు వాక్యం యథాతథంగా, బిల్లు ఎప్పుడు ఏ చిరునామాకు వచ్చిందో, దాని రుజువు, ఆ తేదీ నుంచి వేసిన లెక్క, చెల్లించిన తేదీ, బ్యాంకు బదిలీకి వచ్చిన యూటీఆర్ నంబరు. చివర ఏం కోరుతున్నారో స్పష్టంగా ఉండాలి: డెబిట్ నోటు పూర్తిగా రద్దు చేయాలనా, ఫలానా మొత్తానికి తగ్గించాలనా. ‘మీ డెబిట్ నోటు మాకు ఆమోదయోగ్యం కాదు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే ఏ తేదీని ఒప్పుకున్నారో, దేన్ని కాదన్నారో తెలియదు.

బిల్లు అసలు మొత్తం ఇంకా బాకీ ఉంటే ముందు అది కట్టేయాలి. వడ్డీ తేలేదాకా అసలు ఆపడం వల్ల వివాదం లేని వడ్డీ కూడా పెరుగుతూ పోతుంది. కట్టేటప్పుడు ఏ బిల్లు కింద కడుతున్నారో చెల్లింపు సమాచారంలో రాయడం చాలా ముఖ్యం. భారత కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం బాకీదారు ఏ బాకీకి కడుతున్నాడో చెబితే సరఫరాదారు దానికే జమ చేసుకోవాలి. చెప్పకపోతే 60వ సెక్షన్ అతనికి ఎంచుకునే అవకాశం ఇస్తుంది. అతను మొదట వడ్డీకి జమ చేసుకుంటే, కొత్త బిల్లులో ఆ మేరకు బాకీ కనిపిస్తుంది, దానిపై మళ్లీ వడ్డీ మొదలవుతుంది. ఒక్క డెబిట్ నోటు ఏడాది పొడవునా పిల్లలు పెట్టేది ఇలాగే.

జీఎస్టీ సంగతి త్వరగా తేలిపోతుంది. ఆలస్యపు వడ్డీ సరఫరా విలువలో భాగమే, కానీ దానిపై పన్ను బాధ్యత ఆ వడ్డీ సరఫరాదారుకు అందిన తేదీకే పుడుతుంది. కట్టని వడ్డీపై పన్ను ముందే కట్టేశానని, అందుకే తగ్గించలేనని అతను అంటే, క్రెడిట్ నోటుతో సరిచేసుకునే దారి చట్టంలో ఉంది. కొనుగోలుదారు ఆ డెబిట్ నోటుపై క్రెడిట్ తీసుకోకూడదు. తీసుకున్నాక వడ్డీ మాది కాదంటే నమ్మేవాళ్లుండరు. జీఎస్టీ పోర్టల్‌లోని ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఆ నోటు కనిపిస్తే అక్కడ తిరస్కరించి, లేఖలోనూ ఆ మాట రాయాలి.

ఇక మిగిలేది ఏప్రిల్‌లో వచ్చే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్. మార్చి 31 నాటికి మీ ఖాతాలో మాకు ఇంత రావాలి, సంతకం పెట్టి పంపండి అని సరఫరాదారు ఆడిటర్ కోసం ఒక కాగితం పంపుతాడు. ఆ మొత్తంలో వివాదంలో ఉన్న 9,064 రూపాయలు కూడా కలిసి ఉంటాయి. అకౌంట్స్‌లో ఎవరో చూడకుండా సంతకం పెడితే, సెప్టెంబరు నుంచి రాసిన ఉత్తరాలన్నిటికీ ఎదురుగా బాకీ ఒప్పుకున్న కాగితం ఒకటి తయారవుతుంది. సంతకం చేసేటప్పుడు ఒప్పుకునే మొత్తాన్ని మాత్రమే రాసి, ఫలానా నంబరు డెబిట్ నోటు మొత్తం వివాదంలో ఉంది, ఒప్పుకోవడం లేదు, అభ్యంతర లేఖ ఫలానా తేదీన పంపాం అని అదే కాగితం మీద చేర్చి పంపాలి.